లింక్డ్‌ఇన్ రికమెండేషన్: అడిగితే ‘సరే’ అంటారు, మరి రాయరెందుకు?

క్లుప్తంగా: లింక్డ్‌ఇన్‌లో తమ గురించి నాలుగు మాటలు రాయమని సహోద్యోగిని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకున్నవారిలో రాసేవారు తక్కువ. సమయం లేకపోవడం ఇందుకు అసలు కారణం కాదు. ఏం రాయాలో గుర్తు తెచ్చుకోవడం, రాసినదానికి పేరుతో సహా బాధ్యత వహించడం, ఈ రెండూ అడిగినవారు గమనించని బరువులు. ఒకే సంఘటన, నాలుగు వాక్యాలు, ఒక తేదీ, కాదనడానికి దారి ఉన్న అభ్యర్థన ఆ బరువును చాలావరకు తీసేస్తుంది. అయితే గుర్తు చేయడానికి, మొత్తం రాసి చేతికివ్వడానికి మధ్య ఒక గీత ఉంది. దాన్ని దాటితే వచ్చిన రికమెండేషన్‌కు విలువ పోతుంది.

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల్లో బృందాలు త్వరత్వరగా చెదిరిపోతాయి. రెండేళ్లు పక్కపక్కన కూర్చున్నవారు ఆ తర్వాత మూడు వేర్వేరు టవర్లలో, మూడు వేర్వేరు కంపెనీల్లో ఉంటారు. ఆఖరి పనిదినం సాయంత్రం ఆఫీసు మెయిల్ ఆగిపోతుంది. ఆ మెయిల్‌లో ఉన్న మెచ్చుకోలు మాటలన్నీ అక్కడే మిగిలిపోతాయి. కొత్త ఉద్యోగం వెతుక్కునేటప్పుడు పాత పని ఎలా చేశారో చెప్పగలిగినవారు వాట్సాప్‌లోనో లింక్డ్‌ఇన్‌లోనో మాత్రమే దొరుకుతారు. అందుకే నోటీసు పీరియడ్ మొదలైన వారం నుంచే రికమెండేషన్ అభ్యర్థనలు బయలుదేరతాయి. చాలావరకు జవాబు లేకుండా పెండింగ్ జాబితాలో ఉండిపోతాయి.

## ఒకే మాట, మూడు పనులు

గందరగోళం మాట దగ్గరే మొదలవుతుంది. తెలుగులో రికమెండేషన్ అనగానే మనసుకు తట్టే మాట సిఫారసు. సిఫారసు అంటే పలుకుబడి. ఎమ్మెల్యే లెటరు పట్టుకెళ్లడం, తెలిసినవారితో ఒక మాట చెప్పించడం మన అనుభవంలో దానికి అర్థం. ఆ ఛాయ వల్ల అడిగేవారికి మొహమాటం కలుగుతుంది, ఇచ్చేవారికి ఏదో ఉపకారం చేస్తున్నట్టు అనిపిస్తుంది. అడగడంలోనూ ఆ ధోరణే వస్తుంది. ‘కొంచెం బాగా రాయండి సర్’ అని ముగించడం అందుకే.

రెండో అర్థం రెఫరల్. కంపెనీలో ఉన్న ఉద్యోగి తన కంపెనీ అంతర్గత వ్యవస్థలో ఒకరి రెజ్యూమెను పంపడం అది. ఎంపికైతే పంపినవారికి చాలా కంపెనీలు కొంత డబ్బు కూడా ఇస్తాయి. లింక్డ్‌ఇన్‌లో సందేశం రాగానే ఎదుటివారు దీన్ని రెఫరల్ అనుకుని, ‘మా దగ్గర ఇప్పుడు ఖాళీలు లేవు’ అని జవాబిచ్చిన సందర్భాలు ఉంటాయి. వారు అడగనిదానికి జవాబు చెప్పారు, అడిగినది అలాగే ఉండిపోయింది.

లింక్డ్‌ఇన్ రికమెండేషన్ ఈ రెండూ కాదు. అది ప్రొఫైల్ మీద అందరికీ కనిపించేలా ఉండే చిన్న వాంగ్మూలం. రాసినవారి పేరు, ఫోటో, హోదా, రాసిన తేదీ, ఇద్దరికీ ఉన్న పని సంబంధం దాని మీద ఉంటాయి. 2012లో ఆ సైటు ప్రవేశపెట్టిన ఎండార్స్‌మెంట్ ఒక్క నొక్కుతో అయిపోతుంది. కనెక్షన్ ఉన్న ఎవరైనా ఎదుటివారి జావా నైపుణ్యాన్ని చూడకుండానే ధ్రువీకరించవచ్చు. అంత తేలిక కాబట్టే దాని మీద ఎవరికీ పెద్దగా గురి లేదు. రికమెండేషన్ అలా కాదు, ఒకరు కూర్చుని సొంత మాటల్లో రాయాలి. దానికి విలువ వచ్చేది ఆ శ్రమ నుంచే. ఆగిపోయేది కూడా అక్కడే.

దీన్ని సిఫారసుగా కాక సాక్ష్యంగా చూస్తే అడిగే పద్ధతి మారుతుంది. సాక్షిని మెచ్చుకోమని అడగం. తాను చూసినది చెప్పమని అడుగుతాం. చూసినది ఎప్పుడు, ఎక్కడ అని గుర్తు చేస్తాం. ఏం చెప్పాలో మాత్రం సాక్షికే వదిలేస్తాం.

## ‘సరే’కి, రాతకి మధ్య ఏం జరుగుతుంది

సాయం అడిగితే ఎంతమంది ఒప్పుకుంటారన్న దాని మీద ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెస్సా లేక్ అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగాలు ఇక్కడ పనికొస్తాయి. అపరిచితుల చేత ప్రశ్నావళి నింపించే ఒక ప్రయోగంలో, ఐదు పత్రాలు పూర్తికావాలంటే దాదాపు 20 మందిని అడగాల్సి వస్తుందని పాల్గొన్నవారు ముందుగా అంచనా వేశారు. నిజానికి 10 మందిని అడిగితే సరిపోయింది. అడిగేవారు ఎదుటివారికి కలిగే శ్రమనే లెక్క వేస్తారు. ముఖం మీద కాదనడం ఎంత ఇబ్బందో లెక్క వేయరు. అంచనా తప్పేది అక్కడని ఆ పరిశోధకుల వివరణ.

ఈ ఫలితాన్ని సాధారణంగా ‘ధైర్యంగా అడగండి’ అనే అర్థంలో చెబుతుంటారు. రికమెండేషన్ విషయంలో దాని రెండో వైపు ఎక్కువ ముఖ్యం. కాదనలేక అన్న ‘సరే’ ఆ నిమిషంతో అయిపోతుంది. ప్రశ్నావళి అయితే అక్కడే నిలబడి నింపేస్తారు. రికమెండేషన్ మాత్రం తర్వాతెప్పుడో, అడిగినవారు ఎదురుగా లేనప్పుడు, ఒంటరిగా రాయాలి. ఆ సమయానికి మొహమాటం ఉండదు, ఖాళీ పెట్టె మాత్రం ఉంటుంది.

నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే మెట్రోలో ఒక టీమ్ లీడ్ ఫోనులో ఆ అభ్యర్థనను తెరిచారనుకుందాం. తెర మీద ఖాళీ పెట్టె కనిపిస్తుంది. మూడు వేల అక్షరాల వరకు రాయవచ్చు. రెండేళ్ల కిందటి సహోద్యోగి ఏ మాడ్యూల్‌లో ఉన్నారో లీలగా గుర్తుంది. ఫలానా పని చేశారని రాసి, ఆ పని మరొకరు చేసినదైతే? బాగా రాస్తే తన పాత మేనేజర్ చూసి ఏమనుకుంటారు? ఇంగ్లీషులో ఎలా మొదలుపెట్టాలి? అమీర్‌పేట దాటేలోపు ‘ఆదివారం తీరిగ్గా రాద్దాం’ అనుకుని ఫోను జేబులో పెట్టుకుంటారు. ఆదివారం వస్తుంది, పోతుంది. మూడు వారాలు గడిచాక రాయడం కన్నా, ఇన్నాళ్లు ఎందుకు రాయలేదో చెప్పడమే పెద్ద ఇబ్బంది అవుతుంది. ఇక ఆ సందేశాన్ని తెరవరు.

రాయడానికి పట్టేది నిజానికి పది నిమిషాలే. ఆ పది నిమిషాలకు ముందు మూడు నిర్ణయాలు ఉన్నాయి: ఏ పని గురించి రాయాలి, ఎంత రాయాలి, ఎంతవరకు హామీ పడాలి. అడిగినవారు ఆ మూడింటినీ ఎదుటివారి నెత్తిన పెట్టి, ‘వీలైనప్పుడు రాయండి’ అన్న మాటను మర్యాద అనుకుంటారు. గడువు లేకపోవడం మర్యాదలాగే కనిపిస్తుంది గానీ, రాయాల్సిన పనికి ఏ రోజూ దక్కకుండా చేస్తుంది.

## ఒకే అభ్యర్థన, రెండు రూపాలు

ఒక ఉదాహరణను వివరంగా చూద్దాం. ఇది కల్పించిన ఉదాహరణే అయినా, ఇందులోని పని వాతావరణం గచ్చిబౌలిలో ఎవరికీ కొత్త కాదు. నాలుగేళ్ల అనుభవమున్న ఒక ప్రొడక్షన్ సపోర్ట్ ఇంజనీరు చెల్లింపుల వ్యవస్థ చూసే బృందంలో పనిచేశారు. ఆమె కంటే సీనియర్ ఒకరు అదే బృందంలో ఉండేవారు. ఆమెకు మేనేజర్ కాదు, కానీ రాత్రి డ్యూటీల్లో ఇద్దరూ ఒకే కాల్‌లో ఉండేవారు. ఇప్పుడాయన వేరే కంపెనీలో ఉన్నారు. ఆమె వ్యవస్థలు ఆగిపోకుండా చూసే రిలయబిలిటీ ఇంజనీర్ ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్నారు.

మొదటిసారి ఆమె ఆయన ప్రొఫైల్‌లో `More` నొక్కి, `Request a recommendation` ఎంచుకుని, ఈ సందేశం పంపారు:

> సర్, బాగున్నారా? నా ప్రొఫైల్‌కు ఒక రికమెండేషన్ రాయగలరా? వీలైనప్పుడు రాయండి. కొంచెం బాగా రాయండి సర్.

ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. పనికొచ్చే మాట కూడా ఒక్కటీ లేదు. ఆయన చూశారు, జవాబివ్వలేదు.

నెల తర్వాత ఆమె పద్ధతి మార్చారు. ఈసారి లింక్డ్‌ఇన్ అభ్యర్థన ముందు పంపలేదు. వాట్సాప్‌లో విడిగా అడిగారు:

> అన్నా, నమస్తే. పోయిన నెల లింక్డ్‌ఇన్‌లో ఒక అభ్యర్థన పంపాను, ఏం రాయాలో చెప్పకుండా పంపడం నా పొరపాటు. మన పేమెంట్స్ బృందంలో నెలాఖరు బ్యాచ్ తెల్లవారుజామున ఆగిపోయేది, గుర్తుందా? నేనిప్పుడు రిలయబిలిటీ ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్నాను. ఆ ఒక్క విషయంలో మీరు కళ్లారా చూసింది మూడు నాలుగు వాక్యాల్లో రాయగలరా? ఈ నెల 20వ తేదీలోపు అయితే నాకు ఉపయోగపడుతుంది. మీ కంపెనీ నిబంధనలు ఒప్పుకోకపోయినా, ఇప్పుడు వీలు కాకపోయినా ఏమీ అనుకోను, ఒక్క మాట చెప్పండి చాలు. సరే అంటే వివరాలు పంపుతాను.

ఈ సందేశం మొదటిదానికంటే పొడవు. అయినా చదివినవారికి పని తగ్గింది. ఏ సంఘటన అన్నది తేలిపోయింది. ఎంత రాయాలో తెలిసింది. ఏ ఉద్యోగం కోసమో తెలిసింది కాబట్టి దేన్ని నొక్కి చెప్పాలో తెలిసింది. తేదీ ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, కాదనడానికి గౌరవమైన దారి ఉంది. ‘కంపెనీ నిబంధనలు’ అన్న మాట ఊరికే పెట్టినది కాదు. మాజీ ఉద్యోగుల గురించి మేనేజర్లు అభిప్రాయాలు రాయకూడదని, అడిగితే హెచ్‌ఆర్‌కు పంపాలని చాలా కంపెనీలు అంతర్గతంగా చెబుతాయి. ఆ కారణాన్ని అడిగినవారే ముందుగా అందిస్తే, కాదనేవారు మౌనంలోకి వెళ్లాల్సిన అవసరం ఉండదు. వాట్సాప్‌లో విడిగా అడగడం కూడా ఇందుకే. లింక్డ్‌ఇన్ అభ్యర్థన నేరుగా వచ్చి పడితే దాన్ని తోసిపుచ్చడం మొరటుగా అనిపిస్తుంది, అందుకని పక్కన పెట్టేస్తారు.

ఆయన ‘సరే అమ్మా, వివరాలు పంపు’ అన్నారు. అప్పుడు ఆమె పాత అభ్యర్థనను వెనక్కి తీసుకుని కొత్తది పంపారు. అభ్యర్థన పంపేటప్పుడు సైటు రెండు విషయాలు అడుగుతుంది. ఒకటి ఇద్దరి సంబంధం, రెండోది ఆ సమయంలో ఆమె చేసిన ఉద్యోగం. చాలామంది వీటిని చూడకుండా ముందు కనిపించినది ఎంచుకుంటారు. మేనేజర్ కానివారు మేనేజర్‌గా నమోదవుతారు, లేదా పాత కంపెనీలో చూసిన పని ఇప్పటి కంపెనీ పేరు కింద చేరుతుంది. సంబంధం మాట రికమెండేషన్ పైనే కనిపిస్తుంది. అది తప్పైతే కింద ఎంత చక్కగా రాసినా చదివేవారికి అనుమానం మొదలవుతుంది. ఆయన సీనియర్, కానీ నేరుగా మేనేజర్ కాదు అని చెప్పే ఎంపిక ఆ జాబితాలో ఉంది. ఆమె దాన్నే ఎంచుకున్నారు.

సందేశం పెట్టెలో రాసిన వివరాలు ఇవి:

> సమస్య: నెలాఖరు బ్యాచ్ తరచూ ఆగిపోయి, రాత్రి నాలుగైదు కాల్స్ వచ్చేవి.
> నేను చేసింది: మూడు నెలల లాగ్‌లు చదివి, రెండు ఫైళ్లు ఒక్కోసారి తారుమారు వరుసలో వస్తున్నాయని గుర్తించాను. రెండోది వచ్చేవరకు ఆగే తనిఖీ పెట్టాను. కొత్తవారి కోసం ఆరు పేజీల రన్‌బుక్ రాశాను.
> ఆ తర్వాత: వరుసగా రెండు నెలాఖరులు కాల్ లేకుండా గడిచాయి.
> ఇందులో మీకు వేరేగా గుర్తుంటే మీకు గుర్తున్నదే రాయండి. ఆ రోజుల్లో నా పని తీరులో మీకు గుర్తుండిపోయింది ఏమిటన్నది మీ మాటల్లో ఉంటే చాలు.

ఇక్కడ రికమెండేషన్‌లో వాడదగ్గ విశేషణం ఒక్కటీ లేదు. కష్టపడే తత్వం, అంకితభావం లాంటి మాటలు ఆమె ఇవ్వలేదు. ఇచ్చినవన్నీ ఆయన జ్ఞాపకంతో సరిపోల్చుకోగల విషయాలు. చివరి ప్రశ్న ఒక్కటే తెరిచి ఉంచారు.

ఆయన 17వ తేదీన ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాశారు. సారాంశం ఇది: పేమెంట్స్ బృందంలో ఏడాదిన్నర కలిసి పనిచేశాం. నెలాఖరు బ్యాచ్ ఆగినప్పుడల్లా మేమంతా దాన్ని తిరిగి నడిపి ఊరుకునేవాళ్లం, ఆమె మాత్రం పాత లాగ్‌లు చదివి ఫైళ్ల వరుస దగ్గర అసలు కారణం పట్టుకుంది. ఆమె మార్పు తర్వాత ఆ కాల్స్ ఆగాయి. రాత్రి రెండున్నరకు కాల్‌లో అందరూ తప్పు ఎవరిదని వాదించుకుంటుంటే, ఫైలు ఇప్పుడు ఎక్కడ ఉందని అడిగే మనిషి ఆమె.

చివరి వాక్యం ఆమె పంపిన వివరాల్లో లేదు. ఆమెకు గుర్తు కూడా లేకపోవచ్చు. రిలయబిలిటీ ఉద్యోగానికి మనిషిని వెతికే మేనేజర్ కళ్లు ఆగేది అక్కడే. తనిఖీ పెట్టడం, రన్‌బుక్ రాయడం రెజ్యూమెలో ఎలాగూ ఉంటాయి. అర్ధరాత్రి కాల్‌లో ఒక మనిషి ఎలా ఉంటారన్నది పక్కన ఉన్నవారు చెబితేనే తెలుస్తుంది.

## మొత్తం రాసి పంపేస్తే?

పని తేలిక చేయడమే లక్ష్యమైతే, ‘ఇదిగో రాసి పెట్టాను, అతికించండి చాలు’ అనడం ఇంకా తేలిక కదా అన్న ప్రశ్న సహజం. హైదరాబాద్ ఆఫీసుల్లో ఇది మామూలే. బిజీగా ఉన్న మేనేజర్లు తామే ‘నువ్వే రాసి పంపు’ అంటారు కూడా.

దీనివల్ల నష్టం మూడు చోట్ల బయటపడుతుంది. ఒకే మనిషి తన గురించి నలుగురి పేరున రాసినప్పుడు ఆ నాలుగూ ఒకే గొంతుతో వినిపిస్తాయి. ప్రొఫైల్‌లో అవి ఒకదాని కింద ఒకటి ఉంటాయి కాబట్టి పోలిక దాగదు. ఒకే మొదటి వాక్యం, ఒకే రకం విశేషణాలు, ఒకే కామా పొరపాటు అన్నీ కనిపిస్తాయి. రెండోది, తన గురించి తాను రాసుకునేవారు ఎప్పుడూ పెద్ద మాటల వైపే జరుగుతారు. ‘ఏ కంపెనీకైనా ఆస్తి’ అన్న వాక్యం అలా పుట్టిందే. మూడోది ఇంటర్వ్యూ దశలో తేలుతుంది. కొత్త కంపెనీ మేనేజర్‌కు రాసినవారు తెలిసినవారే కావచ్చు. ఒకే పది కిలోమీటర్లలో ఇన్ని కంపెనీలు ఉన్న నగరంలో అది అరుదేమీ కాదు. ఫోను చేసి ‘మీరు రాసిన ఆ బ్యాచ్ సంగతి ఏమిటి’ అని అడిగితే, అతికించినవారికి చెప్పడానికి ఏమీ ఉండదు.

మేనేజరే చిత్తుప్రతి అడిగితే మొండిగా నిరాకరించనక్కర్లేదు. పై ఉదాహరణలో ఉన్నట్టు మూడు నాలుగు వాస్తవాలను పూర్తి వాక్యాలుగా పంపి, చివర తన అభిప్రాయం చెప్పే వాక్యాన్ని మాత్రం ఖాళీగా వదిలితే సరిపోతుంది. అంతవరకు చేతికందిన మనిషి ఆ ఒక్క వాక్యాన్ని సాధారణంగా తానే రాస్తారు.

ఇంకో జాగ్రత్త ఉంది, చాలామంది దీన్ని మరచిపోతారు. గుర్తు చేయడానికి పంపే వివరాల్లో క్లయింటు పేరు, అంతర్గత వ్యవస్థ పేరు, లావాదేవీల సంఖ్యల వంటివి ఉండకూడదు. సర్వీసెస్ కంపెనీల్లో క్లయింటు పేరు బయట చెప్పకూడదన్న ఒప్పందం మీద అందరూ సంతకం చేసే ఉంటారు. అభ్యర్థనలో ఆ పేరు కనిపిస్తే రాసేవారు దాన్ని అలాగే ఎత్తి రాస్తారు. అది రాసినవారి పేరుతో, తేదీతో సహా బహిరంగంగా నిలిచిపోతుంది. ‘ఒక బ్యాంకు చెల్లింపుల వ్యవస్థ’ అంటే చదివేవారికి కావలసినంత అర్థమవుతుంది.

## ఎవరిని, ఎప్పుడు

పెద్ద హోదా ఉన్నవారి పేరుకు ఎక్కువ విలువ అన్న నమ్మకం బలంగా ఉంది. మూడు నెలలకోసారి జరిగే ఉద్యోగులందరి సమావేశం, టౌన్‌హాల్‌లో మాత్రమే కనిపించే డెలివరీ హెడ్‌ను అడిగేది ఆ నమ్మకంతోనే. ఆయన రాసినా ఎవరికైనా సరిపోయే వాక్యమే రాయగలరు, ఎందుకంటే చూసినది లేదు. సంఘటన ఒకటి పేరు పెట్టి చెప్పగలిగినవారే తగిన మనిషి. అడగడానికి ముందు ‘వీరు నా పనిలో కళ్లారా చూసినది ఏమిటి’ అన్న ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు రాకపోతే, ఆ అభ్యర్థన పంపకపోవడమే మంచిది. రికమెండేషన్ రాయడానికి ఇద్దరూ లింక్డ్‌ఇన్‌లో నేరుగా కలిసి ఉండాలి కాబట్టి, కనెక్షన్ లేనివారికి ముందు కనెక్షన్ అభ్యర్థన వెళ్లాలి. రెండూ ఒకే రోజు పంపితే పరిచయమే అవసరం కోసమన్నట్టు ఉంటుంది.

సమయం విషయానికొస్తే, పని పూర్తయిన కొన్ని వారాల్లో అడగడం అన్నివిధాలా తేలిక. జ్ఞాపకం తాజాగా ఉంటుంది, ఉద్యోగ వేట ఒత్తిడి ఉండదు. నోటీసు పీరియడ్ ఆఖరి వారంలో ఐదారు రికమెండేషన్లు ఒకేసారి వస్తే తేదీలు ఆ సంగతిని బయటపెడతాయి. ఉన్న ఉద్యోగంలో రాజీనామా ఇంకా చెప్పనివారికైతే ఇది మరింత ఇబ్బంది. ప్రొఫైల్ చూసిన సొంత మేనేజర్‌కు విషయం ముందే అర్థమైపోతుంది. అప్పటికి అడగడం కుదరకపోయినా, ఏ నెలలో ఏ సమస్య మీద ఎవరితో పనిచేశారన్న చిన్న జాబితా సొంత నోటుపుస్తకంలో రాసుకుంటే చాలు. రెండేళ్ల తర్వాత అడిగేటప్పుడు ఎదుటివారికి గుర్తు చేయగలిగేది దానితోనే. ఆఫీసు ఫైళ్లు, మెయిళ్లు బయటికి పంపుకోవడం మాత్రం ఒప్పందానికి విరుద్ధం, చిక్కులు తెచ్చే పని.

‘మీరు నాకు రాయండి, నేను మీకు రాస్తాను’ అన్న మార్పిడి కూడా బాగా కనిపిస్తుంది. ఒకరు ఇచ్చినవి, అందుకున్నవి రెండూ ప్రొఫైల్‌లో కనిపిస్తాయి. ఇద్దరూ ఒకే వారంలో ఒకరికొకరు రాసుకుంటే రెండింటి విలువా తగ్గుతుంది. సహోద్యోగి గురించి నిజంగా చెప్పవలసింది ఉంటే ఎవరూ అడగకముందే రాయడం మేలు. ఆ తర్వాత చాలా నెలలకు అడిగినప్పుడు అది బాకీ వసూలులా ఉండదు.

గుర్తు చేయాల్సి వస్తే ఒక్కసారి చాలు. చెప్పిన తేదీకి రెండు మూడు రోజుల ముందు, అడిగినదాన్ని ఇంకా చిన్నది చేసి పంపడం పనిచేస్తుంది. నాలుగు వాక్యాలు అడిగినచోట రెండు చాలు అనడం అలాంటిది. దానికీ జవాబు రాకపోతే అదే జవాబు అనుకోవాలి. పెండింగ్‌లో ఉన్న అభ్యర్థనను వెనక్కి తీసుకుంటే, ఎదుటివారికి లింక్డ్‌ఇన్ తెరిచినప్పుడల్లా కలిగే ఇబ్బంది కూడా పోతుంది. ఎక్కడైనా ఎదురుపడినప్పుడు ఇద్దరూ మామూలుగా మాట్లాడుకోగలరు.

## రాసినది చేతికి వచ్చాక

రికమెండేషన్ రాగానే ప్రొఫైల్ మీదికి ఎక్కదు. అందుకున్నవారు ఒప్పుకోవాలి. అక్షరం మార్చే వీలు వారికి లేదు. మార్పు కావాలంటే `Ask for revision` ద్వారా రాసినవారినే అడగాలి. ఈ సదుపాయాన్ని ఇంకొంచెం పొగడమని అడగడానికి వాడితే, అంతవరకు తేలికగా సాగిన పని మళ్లీ బరువవుతుంది. ఏడాది తప్పు పడినా, హోదా తప్పైనా, క్లయింటు పేరు దొర్లినా మాత్రం తప్పక వాడాలి. అడిగేటప్పుడు ఏ మాటకు బదులు ఏ మాట పెట్టాలో స్పష్టంగా చెబితే రాసినవారికి ఒక నిమిషం పని.

హోదా, సంవత్సరాల సంగతి చిన్నదిగా కనిపించినా నిర్లక్ష్యం చేయకూడనిది. ఉద్యోగం ఖరారయ్యాక జరిగే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో రిలీవింగ్ లెటరు, పీఎఫ్ ఖాతాలోని సర్వీసు వివరాలు చూస్తారు. లింక్డ్‌ఇన్ రికమెండేషన్ ఆ కాగితాలకు ప్రత్యామ్నాయం కాదు, వాటిలో లేని అనుభవాన్ని అది పుట్టించలేదు. కానీ కాగితం మీద 2022లో మొదలైన ఉద్యోగం గురించి సహోద్యోగి ‘2021 నుంచి కలిసి పనిచేశాం’ అని పొరపాటున రాస్తే, అది ఎవరికైనా కనిపించే తేడా. నకిలీ అనుభవ పత్రాల బెడద వల్ల ఇలాంటి తేడాలను హెచ్‌ఆర్ విభాగాలు తేలిగ్గా వదలవు.

పై ఉదాహరణలోని ఇంజనీరు ఆ నాలుగు వాక్యాలను రెండుసార్లు చదివారు. ఆయన ‘ఏడాదిన్నర’ అని రాశారు, ఆమె రిలీవింగ్ లెటరు ప్రకారం ఆ బృందంలో గడిపినది ఏడాది రెండు నెలలు. సవరణ అడుగుతూ ఆ ఒక్క మాటే ప్రస్తావించారు. ఆయన మధ్యాహ్న భోజన విరామంలో దాన్ని ‘ఏడాదికి పైగా’ అని మార్చి పంపారు. అర్ధరాత్రి కాల్ వాక్యాన్ని ఇద్దరూ ముట్టుకోలేదు.